బ్రాకెట్లో లేని జీడిపప్పు: ఒక జపనీస్ కూర ప్యాకెట్ అనువాదం

నేను తిరుపతిలో ఉంటూ జపనీస్ నుంచి తెలుగులోకి, ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తాను. ఎక్కువ పని శ్రీసిటీ ఫ్యాక్టరీలదే. యంత్రాల మాన్యువళ్లు, భద్రతా సూచనలు, కార్మికుల శిక్షణ పాఠాలు వస్తుంటాయి. ఆహార ప్యాకెట్ల లేబుళ్లు ఏడాదికి నాలుగైదు మాత్రమే వస్తాయి. ఒక్కో లేబుల్ పది పన్నెండు వరుసలకు మించదు. అయినా ముప్ఫై పేజీల మాన్యువల్ కన్నా ఆ పన్నెండు వరుసల మీదే నేను ఎక్కువసేపు కూర్చుంటాను. అలా ఎందుకు కూర్చోవాల్సి వస్తుందో చెప్పడానికి 2023లో చేసిన ఒక పనిని వివరంగా రాస్తున్నాను.

ఆ సెప్టెంబరులో ఒక ఇల్లాలు ఫోన్ చేశారు. భర్త శ్రీసిటీలో ఇంజనీరు. జపాన్‌లో మూడు నెలల శిక్షణ ముగించుకొని వస్తూ అక్కడి తినుబండారాలు ఒక సంచి నిండా తెచ్చారు.

“సార్, మా పాపకు ఆరేళ్లు. వేరుశనగ, జీడిపప్పు, పిస్తా పడవు. నిరుడు ఒక పెళ్లిలో పాయసంలో జీడిపప్పు పలుకు నోట్లోకి వెళ్లిందంతే, పెదాలు వాచి ఊపిరి ఆడలేదు. దసరా సెలవులకు పాప చిత్తూరులో మా అమ్మ దగ్గర ఉంటుంది. కొన్ని ప్యాకెట్లు అక్కడికి పంపాలి. అమ్మ తెలుగు తప్ప ఇంకేమీ చదవలేదు. దీని మీద ఏముందో తెలుగులో రాసిస్తారా?”

వాళ్ల డాక్టరు ఇచ్చిన కాగితం కూడా ఫోటో తీసి పంపారు. అందులో ఉన్నవి ఆ మూడే. బాదం, నువ్వులు, గోధుమ, పాలు, సోయా అన్నీ పాప తింటుంది. ఈ కాగితం ముందు అడగడం నాకు అలవాటు. ఎవరి కోసం, దేని భయంతో చదువుతున్నామో తెలియకుండా లేబుల్ అనువదిస్తే అన్ని పదాలకూ ఒకే బరువు పడుతుంది. ఈ పనిలో కొన్ని పదాలు ప్రాణంతో సమానం, కొన్నింటిని తేలిగ్గా దాటిపోవచ్చు. అవి ఏవో ఆ కాగితమే చెబుతుంది.

సంచిలో అసలు ప్రశ్న రెండు ప్యాకెట్ల గురించే. ఒకటి కూర ముద్ద. చాక్లెట్ బిళ్లలా గట్టిగా ఉంటుంది, ఉడికిన కూరగాయల్లో వేస్తే కరిగి చిక్కటి పులుసు అవుతుంది. జపాన్‌లో ఇంటింటా వండే కూర ఇదే. రెండోది బియ్యంతో చేసిన కరకరలాడే బిళ్లల సంచి, మన చెక్కల లాంటివి. ముందు కూర ముద్ద సంగతి.

జపాన్‌లో 2015 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఆహార లేబులింగ్ చట్టం ప్రకారం పదార్థాల పట్టికకు ఒక నడక ఉంది. బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత. ఆహార పదార్థాలన్నీ అయ్యాక సాధారణంగా ఒక ఏటవాలు గీత వస్తుంది. ఆ గీత తర్వాతివి రంగులు, రుచి పెంచేవి, వాసన ద్రవ్యాలు వంటి సంకలితాలు. అన్నిటికన్నా చివర, చాలా ప్యాకెట్ల మీద, బ్రాకెట్లో ఒక వాక్యం ఉంటుంది: “ఇచిబు ని ఫలానా, ఫలానా ఓ ఫుకుము”. “ఇందులో కొంత భాగంలో ఫలానా, ఫలానా ఉన్నాయి” అని అర్థం. అలర్జీ కలిగించే పదార్థాలను ఒకచోట చేర్చి చెప్పే వాక్యం అది.

ఈ కూర ముద్ద మీద ఆ బ్రాకెట్లో రెండే మాటలున్నాయి: గోధుమ, పాల పదార్థం.

వేరుశనగ లేదు, జీడిపప్పు లేదు. ఇంజనీరు గారికి జపనీస్ లిపి కొద్దిగా వచ్చు. ఆయన ఆ బ్రాకెట్ వరకు సొంతంగా చదువుకొని, పాపకు పనికొస్తుందని దాదాపు నిర్ణయించేసుకున్నారు. భార్య పట్టుబట్టి నాకు పంపించారు.

ఆమె పంపిన మొదటి ఫోటోలో పెట్టె అంచు మడత దగ్గర రెండు మూడు అక్షరాలు కనిపించలేదు. జపనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు, వరుస చివర మాట ఎక్కడైనా విరుగుతుంది, విరిగిందని చెప్పే గుర్తు కూడా ఉండదు. నాకు కనిపించిన వరుస “...నత్సు పేస్ట్” అన్న ముక్కతో మొదలైంది. దాని ముందు అక్షరాన్ని సాగదీసే అడ్డగీత ఉంది. జపనీస్‌లో వేరుశనగను ఇంగ్లీషు నుంచి తెచ్చుకొని “పీనత్సు” అంటారు, జీడిపప్పును “కషూనత్సు” అంటారు. రెండింటిలోనూ ఆ అడ్డగీత, ఆ తర్వాతి అక్షరాలు ఒక్కటే. తేడా అంతా మడత కింద దాక్కున్న అక్షరాల్లోనే ఉంది.

అక్కడ ఆగి కొంత ఆలోచించాను. వేరుశనగ జపాన్‌లో తప్పనిసరిగా ప్రకటించాల్సిన పదార్థం. అది ఉంటే బ్రాకెట్లోకి రాక తప్పదు. బ్రాకెట్లో లేదు కాబట్టి ఇది జీడిపప్పే అయి ఉండాలి. మరి జీడిపప్పు ఉంటే అది మాత్రం బ్రాకెట్లో ఎందుకు లేదు?

ఈ ప్రశ్నకు జవాబు భాషలో లేదు, చట్టంలో ఉంది. జపాన్ అలర్జీ పదార్థాలను రెండు తరగతులుగా విడదీసింది. మొదటి తరగతి తప్పనిసరి. 2023 నాటికి అందులో ఎనిమిది ఉన్నాయి: గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, వేరుశనగ, సోబా అనే గింజ, అక్రోటు. అక్రోటు ఆ ఏడాది మార్చిలోనే చేరింది. పాత లేబుళ్లు మార్చుకోవడానికి కంపెనీలకు 2025 మార్చి 31 వరకు గడువు ఇచ్చారు. కాబట్టి ఆ రోజుల్లో కొన్న ప్యాకెట్లో అక్రోటు విషయం చెప్పి ఉండవచ్చు, చెప్పకపోనూవచ్చు. రెండో తరగతిలో అప్పుడు ఇరవై పదార్థాలుండేవి. జీడిపప్పు, బాదం, నువ్వులు, సోయా, యాపిల్, అరటి, కోడిమాంసం అప్పట్లో అందులోవే. వీటిని ప్రకటించమని ప్రభుత్వం సలహా ఇస్తుంది, ఒత్తిడి చేయదు. పెద్ద కంపెనీలు చాలావరకు మొత్తం ఇరవై ఎనిమిదీ చెప్పేవి. కొన్ని ప్యాకెట్లు తప్పనిసరి వాటితోనే సరిపెట్టేవి.

మన దేశంలో లేబుళ్లు చదివి అలవాటైన తల్లి దగ్గర ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మన ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల్లో జీడిపప్పు, బాదం వంటి చెట్టు పప్పులన్నీ తప్పనిసరి జాబితాలోనే ఉన్నాయి. సోయా కూడా ఉంది. మన ప్యాకెట్ మీద అలర్జీ వరుసలో జీడిపప్పు లేకపోతే పదార్థంగా వేయలేదని నమ్మవచ్చు. అదే నమ్మకాన్ని జపనీస్ బ్రాకెట్ మీదికి తీసుకెళ్లకూడదు. బ్రాకెట్లో ఉన్న రెండు మాటలను తెలుగులో ఎంత చక్కగా రాసినా, చదివే మనిషి మన చట్టాన్ని మనసులో పెట్టుకొని చదివితే అర్థం తలకిందులవుతుంది. మాట సరిగ్గానే ఉంటుంది, కానీ బ్రాకెట్ మౌనంగా వదిలేసిన చోటును మనం తప్పుగా అనువదించినట్లవుతుంది.

ఆ రోజుల్లో ఒక బ్రాకెట్ ఎనిమిదింటిదా, ఇరవై ఎనిమిదింటిదా అని తెలుసుకోవడానికి సులువైన దారి ఉండేది. కొన్ని ప్యాకెట్ల మీద “28 పదార్థాలలో” అని స్పష్టంగా అచ్చు వేసేవారు, లేదా గళ్ల పట్టిక వేసి ఉన్నవాటికి రంగు పూసేవారు. అది లేనప్పుడు నేను సోయాను వెతుకుతాను. ఈ కూర ముద్ద పట్టికలో పదో పదార్థం “షోయు”, అంటే సోయా సాస్. సోయా గింజలు లేకుండా మామూలు షోయు లేదు. పట్టికలో సోయా సాస్ ఉండి, బ్రాకెట్లో సోయా లేదంటే ఆ బ్రాకెట్ తప్పనిసరి పదార్థాలనే చెబుతోందని తేలిపోయినట్లే. ఇంకా సాక్ష్యం కావాలంటే పట్టికలో యాపిల్ గుజ్జు ఉంది, కోడిమాంసం సారం ఉంది. ఆ రెండూ సలహా జాబితాలోవే. అవి కూడా బ్రాకెట్లోకి రాలేదు.

ఊహ ఎంత గట్టిదైనా దాన్ని అనువాదంగా రాసి ఇవ్వను. పెట్టెను అంటు ఊడదీసి, చదునుగా పరిచి, పగటి వెలుతురులో మళ్లీ ఫోటో తీయమని అడిగాను. రెండో ఫోటోలో మడత విప్పుకుంది. కషూనత్సు పేస్ట్. జీడిపప్పు ముద్ద. పట్టికలో ఎనిమిదో స్థానం, పాలపొడి కన్నా ముందు. బరువు ప్రకారం వరుస కాబట్టి ఆ ప్యాకెట్లో పాలపొడి కన్నా జీడిపప్పు తక్కువ లేదన్నమాట.

ఫోన్‌లో ఈ మాట చెప్పాక ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఆయన మొన్న రాత్రి వండుదామన్నారు సార్” అన్నారు.

పాపకు ఈ కూర వద్దని అప్పుడే తేలిపోయింది. అయినా పట్టిక మొత్తం అనువదించి ఇచ్చాను. ఇంట్లో మిగతావాళ్లు తింటారు, అమ్మమ్మ చేతికీ రావచ్చు. పైగా అందులో రెండు మూడు పదాలు ఎవరు చేసినా తడబడేవే.

ఒకటి పదకొండో పదార్థం. జపనీస్‌లో “చత్సునె” అని ఉంది. ఇంగ్లీషు చట్నీయే అక్కడికి వెళ్లి అలా పలుకుతోంది. తెలుగులో “చట్నీ” అని రాస్తే మాటకు మాట సరిపోయినట్లే కనిపిస్తుంది. కానీ చిత్తూరులో చట్నీ అంటే ఇడ్లీలోకి వేరుశనగతోనో, కొబ్బరితోనో, పుట్నాలతోనో చేసేది. జపాన్ కూరలో వేసేది మామిడి వంటి పండ్లను చక్కెర, మసాలాలతో ఉడికించిన తియ్యటి గుజ్జు. వేరుశనగ పడని పాప అమ్మమ్మకు “చట్నీ” అనే మాట లేని భయం కలిగిస్తుంది. పైగా ఒకచోట ఉత్తి భయమని తేలితే, మరోచోట నిజమైన హెచ్చరికను కూడా తేలిగ్గా తీసుకుంటారు. అందుకని “పండ్లతో చేసిన తియ్యని గుజ్జు” అని రాశాను.

ఆ గుజ్జుకు ఇంకో చిక్కు ఉంది. ఇలా కొన్ని పదార్థాలతో ముందే తయారై వచ్చి, మొత్తం బరువులో 5 శాతం కన్నా తక్కువ పడే పదార్థం లోపల ఏమున్నాయో విడమరచి రాయనక్కరలేదని జపాన్ నిబంధన. తప్పనిసరి అలర్జీ పదార్థాలను మాత్రం దాచడానికి వీల్లేదు. అంటే ఆ గుజ్జులో గానీ, “మసాలా దినుసులు” అన్న ఒకే మాటలో గానీ వేరుశనగ ఉంటే చెప్పి తీరాలి. పిస్తా ఉంటే చెప్పనక్కరలేదు, ఎందుకంటే ఆ నాటికి పిస్తా ఇరవై ఎనిమిదింటిలో కూడా లేదు. జీడిపప్పు, పిస్తా ఒకే కుటుంబపు చెట్లవి, ఒకటి పడనివారికి రెండోది కూడా పడకపోవడం చాలా మామూలు. అయినా ఆ లేబుల్ పిస్తా ఉందనీ అనదు, లేదనీ అనదు. దీన్ని నేను అనువాదంలో చేర్చలేను, వదిలేయనూ లేను. అందుకే ప్రతి కాగితం కింద “లేబుల్ చెప్పనిది” అని వేరే పెట్టె గీసి అందులో రాస్తాను.

ఇంకో పదం “చికెన్ ఎకిసు”, కోడిమాంసం సారం. అమ్మమ్మ శనివారాలు మాంసం ముట్టరని తల్లి మాటల్లో చెప్పారు. అలర్జీకి సంబంధం లేకపోయినా ఆ వరుస కింద గీత గీశాను. జపాన్‌లో మన ఆకుపచ్చ చుక్క లాంటి గుర్తు వేయాలన్న నియమం లేదు. ఇలాంటి కూర ముద్దల్లో చాలావాటిలో ఆవు, పంది కొవ్వుల మిశ్రమం కూడా ఉంటుంది. ఈ ప్యాకెట్లో దాని బదులు మొక్కల నూనెలు ఉన్నాయి కాబట్టి ఆ విషయం అక్కడితో వదిలేశాను.

ఇక బియ్యం బిళ్లల సంచి. ఇది పెద్ద కంపెనీది, లేబుల్ పొందికగా ఉంది. “28 పదార్థాలలో” అని రాసి గోధుమ, సోయా అని రెండు చెప్పారు. కూర ముద్ద మీది బ్రాకెట్లోనూ రెండు మాటలే, ఇక్కడా రెండు మాటలే. కానీ ఇక్కడి రెంటికి విలువ వేరు. ఈ ప్యాకెట్లో జీడిపప్పు పదార్థంగా లేదని కంపెనీయే చెప్పినట్లు.

సంకలితాల్లో “న్యూకజాయ్” అనే మాట ఉంది. నా దగ్గర జపనీస్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయికి అభ్యాసం కోసం ఈ లేబుల్ ఇస్తే, ఆమె దాన్ని “పాలకు సంబంధించిన పొడి” అని రాసింది. తప్పు ఆమెది కాదు. ఆ మాటలో మొదటి అక్షరం నిజంగానే పాలకు వాడే అక్షరం. కానీ న్యూకజాయ్ అంటే నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే ద్రవ్యం. పాల లాగా కలిసిపోయేలా చేస్తుందని ఆ పేరు. అందులో పాలు ఉండాలని లేదు. అలాగే “న్యూసాన్” అంటే లాక్టిక్ ఆమ్లం, దాని పేరులోనూ అదే అక్షరం ఉంది. పేరులో పాలు లేనట్టే కనిపించే “కజెయిన్” మాత్రం పాల నుంచే వస్తుంది, దాని పక్కన పాల నుంచి తీసినదని రాయాలి. ఈ పాపకు పాలు పడతాయి కాబట్టి ఇక్కడ ప్రమాదం లేదు. పాలు పడని పిల్లవాడి తల్లికి అయితే అక్షరాన్ని చూసి అనువదించిన కాగితం పనికిరాదు.

ఈ సంచి మీద అసలు పని పట్టికలో కాదు, పట్టికకు బయట, కింద సన్నటి అక్షరాల్లో ఉన్న ఒక వాక్యంలో ఉంది. అందులో వేరుశనగ ప్రస్తావన వస్తుంది. పీనత్సు అని కాకుండా చైనా అక్షరాల్లో రాసే పాత మాట “రక్కసెయ్” వాడారు. రాలే పువ్వు నుంచి పుట్టేది అని ఆ అక్షరాల భావం. పువ్వు వాడి, ఊడ నేలలోకి దిగి కాయ కడుతుంది కాబట్టి వాళ్లు అలా అన్నారు. మనం వేరు దగ్గర కాస్తుందని వేరుశనగ అన్నాం. ఒకే ప్యాకెట్ మీద పట్టికలో ఒక పేరు, కింద వాక్యంలో ఇంకో పేరు ఉండటం మామూలే, రెండూ తెలిసి ఉండాలి.

నా మొదటి ప్రతిలో ఆ వాక్యాన్ని “ఇందులో వేరుశనగ ఉండవచ్చు” అని రాశాను. ఇంగ్లీషు ప్యాకెట్ల మీద చూసి చూసి చేతికి అలవాటైన మాట అది. మర్నాడు ఉదయం మళ్లీ చదివితే తప్పని తెలిసింది. జపాన్‌లో “ఉండవచ్చు” అని రాయడాన్ని నిబంధనలు అనుమతించవు. పరీక్షించకుండా, శుభ్రం చేయకుండా, అన్నిటికీ “ఉండవచ్చు” అని రాసి చేతులు దులుపుకుంటారనీ, అలర్జీ ఉన్నవాళ్లకు తినడానికి ఏమీ మిగలదనీ ఆ మాటను పక్కన పెట్టారు. ఒక గ్రాము ఆహారంలో ఆ పదార్థపు ప్రోటీన్ కొన్ని మైక్రోగ్రాములు, అంతకన్నా ఎక్కువ కలుస్తుంటే ఉందని చెప్పాలి. అంత లేకపోతే చెప్పనక్కరలేదు. ఆ తర్వాత కూడా వినియోగదారుడికి తెలియాలనుకుంటే, ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో వాస్తవంగా రాయవచ్చు. ఈ ప్యాకెట్ మీద ఉన్నది అదే: “ఈ ఉత్పత్తి తయారయ్యే ఫ్యాక్టరీలో వేరుశనగ ఉన్న ఉత్పత్తులు కూడా తయారవుతాయి.”

రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. “ఉండవచ్చు” అంటే నేను ఒక తీర్పు చెప్పినట్లు. ఫ్యాక్టరీ వాక్యం ఒక సమాచారం. తీర్పు చెప్పాల్సింది పాప సంగతి తెలిసిన డాక్టరు, తల్లిదండ్రులు. వాళ్ల చేతికి సమాచారం సమాచారంగానే చేరాలి. నేను వాక్యాన్ని ఉన్నదున్నట్టు మార్చి రాశాను.

ఈ సంచి మీద కంపెనీ వినియోగదారుల విభాగం చిరునామా ఉంది. జపనీస్‌లో ఒక ఉత్తరం రాసి రెండు ప్రశ్నలే అడిగాను. ఆ ఫ్యాక్టరీలో పిస్తా వాడతారా? వేరుశనగ అదే లైను మీద నడుస్తుందా? వారం దాటాక జవాబు వచ్చింది. పిస్తా ఆ ఫ్యాక్టరీలో వాడరు. వేరుశనగ తయారీ లైను వేరు, ప్యాకింగ్ గది మాత్రం రెంటికీ ఒకటే. ఆ జవాబును తేదీతో సహా అనువదించి, “ఇది లేబుల్ మీద లేదు, కంపెనీ ఉత్తరంలో ఉంది” అని విడిగా రాశాను. ఉత్తరం ఆ రోజుకు నిజం. రేపు ఫ్యాక్టరీలో ఏమైనా మారితే ఆ సంగతి చెప్పడానికి ఇంకో ఉత్తరం మన ఇంటికి రాదు.

డాక్టరుతో మాట్లాడాక పాపకు అవి కూడా వద్దనుకున్నామని తల్లి చెప్పారు. పాప ఆ బిళ్లల సంచి మీది బొమ్మ చూసి ఆశపడిందట. నాకు మనసులో కష్టంగా అనిపించింది, కానీ ఆ నిర్ణయం సరైనదే.

కాగితం అమ్మమ్మకు అర్థమవుతుందా లేదా అన్నది చివరి మెట్టు. నేను వేరుశనగ పక్కన బ్రాకెట్లో “పల్లీలు” అని రాశాను. ఎక్కువమందికి తెలిసిన మాట అని నా నమ్మకం. తల్లి ఆ ఆదివారం చిత్తూరు వెళ్తూ కాగితం తీసుకెళ్లి, నా మాట ప్రకారం ఆమెతోనే చదివించి ఫోన్‌లో వినిపించారు. నేను అర్థమైందా అని అడగను. అర్థమైందనే అంటారు. దాని బదులు పని అడుగుతాను: “అమ్మా, ఈ కాగితం చూసి చెప్పండి, పాపకు ఏ ప్యాకెట్ పెట్టకూడదు? ఎందుకు?”

ఆమె కూర ముద్ద గురించి సరిగ్గా చెప్పారు. బిళ్లల దగ్గర ఆగారు. “పల్లీలు అంటే శనక్కాయలేనా నాయనా?” అన్నారు.

చిత్తూరు చుట్టుపక్కల అది శనక్కాయే. ఎర్రనేలల్లో ఇళ్ల ముందు ఆరబోసే పంటకు ఆమె డెబ్బై ఏళ్లుగా వాడుతున్న పేరు అది. “వేరుశనగ (శనక్కాయలు)” అని మార్చాను. అయితే దీన్ని ఇంకో ఊరికి పంపేటప్పుడు మళ్లీ ఆలోచించాలి. శనగలు, శనగపప్పు, శనగపిండి వేరే పంటవి, శనక్కాయ వేరే పంట, పేర్లు మాత్రం అన్నదమ్ముల్లా ఉంటాయి. “శనగనూనె” అంటే చాలా ఇళ్లలో వేరుశనగ నూనే. కాబట్టి అలర్జీ కాగితంలో “శనగ” అన్న మాటను ఒంటరిగా ఎప్పుడూ వదలను. “నట్స్” అన్న మాటా రాయను. మనకు పప్పు అంటే కందిపప్పూ పప్పే, బాదంపప్పూ పప్పే. చెట్టు పప్పులన్నిటికీ కలిపి వాడుకలో ఒక పేరు లేదు. ఉన్నవాటి పేర్లు ఒక్కొక్కటిగా రాయడమే మార్గం.

ఆమెకు చేరిన కాగితంలో కూర ముద్ద భాగం ఇలా ఉంది:

> పాపకు పడనివి: జీడిపప్పు ఉంది (పదార్థాల్లో ఎనిమిదోది, జీడిపప్పు ముద్ద).
>
> పదార్థాలు, ఎక్కువ నుంచి తక్కువకు: గోధుమ పిండి, మొక్కల నూనెలు, చక్కెర, ఉప్పు, కూర పొడి, స్టార్చ్, టమాటా ముద్ద, జీడిపప్పు ముద్ద, పాలపొడి, సోయా సాస్, పండ్లతో చేసిన తియ్యని గుజ్జు, యాపిల్ గుజ్జు, కోడిమాంసం సారం, మసాలా దినుసులు.
>
> కలిపినవి: రుచి పెంచేవి, రంగు, నూనె–నీరు కలిపి ఉంచే ద్రవ్యం, పులుపు ద్రవ్యం, వాసన ద్రవ్యం.
>
> కంపెనీ అలర్జీ వాక్యం: గోధుమ, పాల పదార్థం ఉన్నాయి. (ఈ వాక్యం జపాన్ చట్టం తప్పనిసరి చేసినవాటిని మాత్రమే చెబుతోంది. జీడిపప్పు, సోయా దీనిలో రాలేదు, కానీ పదార్థాల్లో ఉన్నాయి.)
>
> లేబుల్ చెప్పనిది: కూర పొడి, తియ్యని గుజ్జు, మసాలా దినుసుల లోపల ఏమున్నాయో రాయలేదు. పిస్తా ఉందో లేదో తెలియదు.
>
> ఈ కాగితం ఏ ప్యాకెట్‌కు: 2024 మార్చి 11 తేదీ ఉన్న పెట్టెకు మాత్రమే.

పద్నాలుగు పదార్థాలు, ఐదు కలిపినవి, మొత్తం పంతొమ్మిది. పంపే ముందు అసలు లేబుల్ మీది విరామ చిహ్నాలు, నా తెలుగు కామాలు వేలు పెట్టి లెక్కపెడతాను. ఒకటి తగ్గితే ఒక పదార్థం జారిపోయినట్లు. మాన్యువల్లో ఒక మాట జారితే వాక్యం కుంటుతుంది, కనిపెడతాం. పట్టికలో ఒక మాట జారితే మిగతాది అలాగే నున్నగా చదువుకుంటుంది, ఎవరికీ తెలియదు.

చివరి వరుసలోని తేదీ గురించి కూడా ఒక మాట. పెట్టె మీద ఎప్పటిలోగా తినాలో చెబుతూ 24.03.11 అని ఉంది. దాన్ని చూసి అమ్మమ్మ ఇంట్లో ఎవరో ఇది పన్నెండేళ్ల కిందటిదని అన్నారట. జపాన్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. అది 2024 మార్చి 11.

బియ్యం బిళ్లల సంచిలో ఒక్కో బిళ్లను విడివిడిగా చిన్న కవర్లో పెట్టారు. ఆ చిన్న కవర్ల మీద ఏమీ రాసి లేదు, పట్టిక పెద్ద సంచి మీదే ఉంది. ఇంట్లో పెద్ద సంచి చింపి పారేసి బిళ్లల్ని డబ్బాలో పోస్తారు. అందుకే కాగితాన్ని డబ్బా మూతకు లోపలి వైపు అతికించమని, పాపకు అందే అలమారలో ఆ డబ్బా పెట్టవద్దని చెప్పాను.

జనవరిలో ఇంజనీరు గారి స్నేహితుడు జపాన్ నుంచి వస్తూ అదే కంపెనీ కూర ముద్ద ఇంకో పెట్టె తెచ్చారు. బొమ్మ అదే, పేరు అదే. తల్లి ఫోటో తీసి పంపారు, ఈసారి మొదటిసారే పెట్టె చదునుగా పరిచి ఉంది. పదార్థాల పట్టిక అక్షరం పొల్లు పోకుండా పాతదే. బ్రాకెట్ మాత్రం మారింది. రెండు మాటలున్న చోట ఆరున్నాయి: గోధుమ, పాల పదార్థం, జీడిపప్పు, సోయా, కోడిమాంసం, యాపిల్. పక్కన “28 పదార్థాలలో” అని కూడా వేశారు. “కొత్తగా జీడిపప్పు కలుపుతున్నారా సార్?” అని ఆమె అడిగారు. లేదని, మునుపూ ఉందని, ఇప్పుడు బ్రాకెట్లో చెబుతున్నారని చెప్పాను. పిస్తా గురించి ఈ లేబుల్ కూడా ఏమీ చెప్పలేదు. కొత్త తేదీతో కొత్త కాగితం రాసి పంపి, మూత లోపల ఉన్న పాత కాగితం ఊడదీసి చింపేయమని అమ్మమ్మకు ఫోన్ చేశాను.